'కుంభాకారత సవరణ' అని రాస్తే సరిపోతుందా?

అనువాదంలో మునిగినామె: బాండ్ల మీద ఒక శిక్షణ పుస్తకం తెలుగులోకి తెస్తున్నాను. "వడ్డీ రేటు బాగా మారినప్పుడు డ్యూరేషన్ ఇచ్చిన అంచనాకు కాన్వెక్సిటీ కరెక్షన్ కలపాలి" అన్న వాక్యానికి 'కుంభాకారత సవరణ' అని రాశాను. సవరణ అంటే ముందు లెక్క తప్పని చదివేవాళ్లు అనుకుంటారని ఎడిటర్ గారి అభ్యంతరం. వడ్డీ రేటు మారితే ధర ఎంత మారుతుందో చెప్పే ఈ డ్యూరేషన్ లెక్క అసలు తప్పా కాదా?

లెక్కల మాస్టారు: సవరణ సంగతి తర్వాత, ముందు కుంభాకారమే తప్పు. అడ్డంగా యీల్డ్ అంటే బాండు మీద వచ్చే రాబడి రేటు, నిలువుగా ధర పెట్టి గీత గీయండి, గిన్నెలా లోపలికి వంగి కనిపిస్తుంది. కటకాల పాఠంలో దాన్ని పుటాకారం అనే కదా చెప్పుకున్నాం!

రిటైర్డ్ ట్రెజరీ: మాస్టారూ, గిన్నె దాకా మీరు చెప్పింది కరెక్టే. కాకపోతే గణితంలో గీత మీద ఏ రెండు బిందువులు కలిపినా ఆ జ్యా గీతకు పైన ఉంటే అది కుంభాకార ప్రమేయమే, పైనుంచి చూస్తే గుంటలా ఉన్నా సరే. ఎడిటర్ గారి ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. డ్యూరేషన్‌తో వేసే అంచనా అంటే ఈనాటి ధర దగ్గర గీసిన స్పర్శరేఖ, అది గీతకు ఎప్పుడూ కిందే ఉంటుంది కాబట్టి రేటు పెరిగినా తగ్గినా అంచనా అసలు ధర కన్నా తక్కువే వస్తుంది.

ముప్పై ఏళ్ల బాండు తీసుకోండి, కూపన్ 7%, యీల్డ్ 7%, ఆరు నెలలకోసారి వడ్డీ, ధర 100. మోడిఫైడ్ డ్యూరేషన్ 12.47 వస్తుంది, అంటే యీల్డ్ ఒక శాతం మారితే ధర సుమారు 12.47 శాతం మారుతుందని. యీల్డ్ 9%కి పోతే ధర 24.94 పడి 75.06 అవుతుందని డ్యూరేషన్ చెబుతుంది, నిజంగా లెక్కేస్తే 79.36. అదే 5%కి దిగితే 124.94 అంటుంది, అసలు ధర 130.91. గీత ఎంత వంగిందో చెప్పే కాన్వెక్సిటీ ఈ బాండుకు సుమారు 251. సవరణ ఇదీ:

```
½ × 251 × (0.02)² × 100 = 5.02
```

రెండు వైపులా ఇదే 5.02 కలుస్తుంది, ఎందుకంటే మార్పును వర్గం చేస్తున్నాం. పావు శాతం మార్పుకైతే ఇది ఎనిమిది పైసలు కూడా ఉండదు, ఎవరూ పట్టించుకోరు. మార్పు ఎనిమిది రెట్లయితే సవరణ అరవై నాలుగు రెట్లవుతుంది, అందుకే పుస్తకంలో "బాగా మారినప్పుడు" అన్నారు.

గిల్ట్ ఫండ్ బాధితుడు: ఇదంతా బానే ఉంది సార్, 2025 జూన్‌లో ఆర్‌బీఐ రెపో అర శాతం తగ్గించింది, నా లాంగ్ డ్యూరేషన్ ఫండ్ పెరగాల్సింది పోయి తర్వాత పడింది. ఈ కాన్వెక్సిటీ ఏమైపోయినట్టు?

రిటైర్డ్ ట్రెజరీ: బాబూ, మీ ప్రశ్న వేరు. మీ ఫండ్‌లో ఉన్న బాండ్లు కదిలేది వాటి సొంత యీల్డుతో, రెపోతో కాదు. అప్పుడు రెపో తగ్గినా, ఇకపై తగ్గింపులు ఉండవేమో అన్న భయంతో దీర్ఘకాలపు యీల్డులు పెరిగాయి. పెరిగింది కూడా కొంచెమే కాబట్టి కాన్వెక్సిటీ పాత్ర నామమాత్రం, మీ నష్టమంతా డ్యూరేషన్‌దే.

లెక్కల మాస్టారు: సరే, కుంభాకారం ఒప్పుకున్నాను. అంటే బాండు కొన్నవాడికి కాన్వెక్సిటీ ఎప్పుడూ లాభమే అన్నమాట, పడితే తక్కువ పడుతుంది, పెరిగితే ఎక్కువ పెరుగుతుంది.

రిటైర్డ్ ట్రెజరీ: మామూలు బాండుకు అవును, 'ఎప్పుడూ' మాత్రం కాదు. అమెరికాలో ఇంటి అప్పుల మీద కట్టిన బాండ్లు చూడండి. రేట్లు తగ్గగానే జనం పాత అప్పు తీర్చేసి కొత్తది తీసుకుంటారు, బాండు పెట్టుకున్నవాడికి అసలు సొమ్ము ముందే చేతికొచ్చి పడుతుంది, ఇక ధర పెద్దగా పెరగదు. అక్కడ గీత వ్యతిరేక దిశలో వంగుతుంది, సవరణ మైనస్ అవుతుంది. కాబట్టి అమ్మా, మీ వాక్యంలో నాకు ఇబ్బంది 'సవరణ'తో లేదు, 'కలపాలి'తో ఉంది.

అనువాదంలో మునిగినామె: 'లెక్కలోకి తీసుకోవాలి' అని మారుస్తాను. ఒక సందేహం, మీ 75.06కు 5.02 కలిపితే 80.08 కదా, 79.36 దాటిపోయిందే?

రిటైర్డ్ ట్రెజరీ: దాటుతుంది. 5% వైపు 129.96 దగ్గరే ఆగి తొంభై పైసల పైచిలుకు తగ్గుతుంది. వంపు కూడా ఒకేలా ఉండదు, యీల్డ్ పెరిగేకొద్దీ సడలుతుంది, ఆ సంగతి ఈ రెండో పదానికి తెలియదు. ఒక్క బాండుకైతే నేరుగా ధరే లెక్కేసుకోవచ్చు, వందల బాండ్లున్న పోర్ట్‌ఫోలియోలో రిస్కు గబగబా చూడటానికే ఈ అంచనా.

ఎడిటర్‌నే: అయితే 'సవరణ' ఉంచను, 'వంపు చేర్పు' అంటాను.

లెక్కల మాస్టారు: చేర్పు అంటే మళ్లీ కలపడమే కదండీ!

రిటైర్డ్ ట్రెజరీ: పేరు మీరూ మీరూ తేల్చుకోండి. ఆ అధ్యాయంలో ఇంకో చోటు చూడండి: బాండ్ల ధరలు చూపించే కొన్ని టెర్మినళ్లు 251ని వందతో భాగించి 2.51 అని చూపిస్తాయి, కొందరు ½ను ముందే లోపల కలిపేసి 125.6 అని ఇస్తారు. మీ పుస్తకంలోని అంకె ఏ రకమో చూసుకోకుండా సూత్రంలో వేస్తే 5.02 రావాల్సిన చోట 0.05 గానీ 2.51 గానీ వస్తుంది.