"నేను రుస్తుంని కాను": షానామాలోని ఈ మాట గురించి

లలిత: ఫిరదౌసి రాసిన పర్షియన్ ఇతిహాసం షానామాలో ఇరాన్ వీరుడు రుస్తుం, అతని కొడుకు సొహ్రాబ్ ఒకరినొకరు ఎరగకుండా తలపడతారు, కొడుకు తండ్రి చేతిలో పోతాడు. మొదటిసారి ఎదురుపడ్డప్పుడే సొహ్రాబ్ "నువ్వు రుస్తుంవే అనుకుంటున్నా" అంటాడు. దానికి రుస్తుం జవాబు: "రుస్తుంని కాను. అతను పహల్వాన్, నేను అతనికంటే తక్కువవాణ్ణి. నాకు సింహాసనమూ లేదు, కిరీటమూ లేదు." అవునని ఉంటే కొడుకు బతికేవాడు. ఎందుకీ అబద్ధం?

ప్రసాద్: ఇది మన బభ్రువాహనుడి కథే కదండీ! తెలియక తండ్రీకొడుకులు తలపడ్డారు. మన కథలో తండ్రి పడ్డాడు, షానామాలో కొడుకు.

సలీం: సగం నిజం ప్రసాద్ గారూ. బభ్రువాహనుడికి వచ్చింది తండ్రేనని తెలుసు. కానుకలతో ఎదురెళ్తే, క్షత్రియుడివై యుద్ధం చెయ్యవా అని అర్జునుడే తిట్టాడు.

షానామాలో వాళ్లిద్దరికీ నిజం తెలియకుండా చేసినవాళ్లు చాలామంది. తండ్రీకొడుకులు ఒకరినొకరు గుర్తుపట్టకుండా చూడమని ఇరాన్‌కి శత్రువైన తురాన్ రాజు అఫ్రాసియాబ్ సొహ్రాబ్ వెంట వెళ్లే తన సేనానులకు చెప్పే పంపాడు. రుస్తుంని చూపించడానికి వచ్చిన సొహ్రాబ్ మేనమామేమో రాత్రి గూఢచర్యానికొచ్చిన రుస్తుం పిడిగుద్దుకే పోయాడు. రుస్తుం ఉన్న ఆకుపచ్చ గుడారం చూసి అదెవరిదని సొహ్రాబ్ అడిగితే, అతని దగ్గర బందీగా ఉన్న ఇరాన్ వీరుడు హజీర్ ఎవరో చీనా నుంచి కొత్తగా వచ్చిన వీరుడిదన్నాడు. ఈ కుర్రాడు రుస్తుంని చంపేస్తే ఇరాన్‌కి దిక్కెవరని అతని భయం. రుస్తుం అబద్ధం వెనకా అదే లెక్క ఉందనుకుంటా. తను ఓడినా, అసలు రుస్తుం వెనకున్నాడని శత్రువు జంకాలి.

నాగమణి: మా మనవడు పోటీలో జాషువా గారి ఫిరదౌసి పద్యాలు చదవాలి. ఈ ఘట్టం ఎక్కడుందో చెప్తారా?

సలీం: అమ్మా, అది ఫిరదౌసి గురించీ, గజనీ మహమూద్ మాట తప్పడం గురించీ. ఈ కథ కోసం అందులో వెతక్కండి.

కిరణ్: తెలిసి చంపిన తండ్రులు లేరా?

సలీం: ఉన్నారు. పాత జర్మన్ హిల్డెబ్రాండ్ పాటలో తండ్రి తనెవరో చెప్పాడు, చేతి కడియాలు కూడా ఇవ్వబోయాడు. మా నాన్న చచ్చిపోయాడని ఓడవాళ్లు చెప్పారంటూ కొడుకే నమ్మలేదు. పోరు మధ్యలోనే రాతప్రతి ఆగిపోతుంది. ఐర్లాండ్ గాథల్లోని వీరుడు కుహులిన్ తన కొడుకుతో పోరుకి వెళ్తుంటే భార్య ఎమెర్ అడ్డుకుంది, వాడు నీ కొడుకేనంది. అయినా తన రాజ్యం అల్‌స్టర్ పరువు కోసం చంపాడు.

లలిత: సలీం గారూ, మీ లెక్క మొదటిరోజుకి సరిపోతుంది. రెండోరోజు పొద్దున సొహ్రాబ్ యుద్ధం వద్దు, కూర్చుని తాగుదాం రా అని పిలిచి, మళ్లీ పేరడిగాడు. రుస్తుం కుస్తీకి రమ్మన్నాడు. కిందపడ్డాక ఇంకో అబద్ధం: మొదటిసారి పడగొట్టినవాణ్ణి చంపకపోవడం మా ఆచారమని. కుర్రాడు నమ్మి వదిలేశాడు. మళ్లీ తను పైచేయి కాగానే రుస్తుం ఒక్క క్షణం ఆగలేదు, పక్కలో పొడిచాడు. ఇందులో ఇరాన్ భయం ఎక్కడుందండీ? ఓటమి ఎరగని ముసలి పహల్వాన్ పంతమే కనిపిస్తోంది.

సలీం: పంతం కాదనను. కానీ ఆ రోజు అతను ఓడితే ఇరాన్‌కి ఇంకెవరున్నారు? రెండిటినీ విడదీయడం నాకు చేతకావడం లేదు.

ప్రసాద్: ఇరాన్ రాజు కావూస్ దగ్గర గాయం మాన్పే మందుందట కదా, అడిగినా ఇవ్వలేదు. అసలు హంతకుడు ఆయనే అంటాను.

లలిత: పొడిచాక వచ్చిన కబురండీ అది.