తలంబ్రాల ఫోటోల అవ్వ మొహం మార్చిన, అతికించినట్టే కనవడుతున్నది

హనుమకొండ స్టూడియో: అన్నలూ, పోయిన వారం నర్సంపేట దిక్కు పెండ్లి. తలంబ్రాల ఫోటో మస్తు వచ్చింది, కానీ పెండ్లిపిల్ల పక్కన అవ్వ కండ్లు మూసుకున్నది, పైగా తల తిప్పింది. కాసేపటికి తీసిన ఇంకో ఫోటోల ఆమె మొహం నిమ్మళంగ, స్పష్టంగ ఉన్నది. ఇంటోళ్లే అడిగిన్రు, అది తెచ్చి ఇండ్ల పెట్టిన. సైజు, రంగు అన్నీ కుదిరినయ్. మొహం మాత్రం కోసి అంటించినట్టున్నది. ఫోటోషాప్ల `Gaussian Blur` 3 పెడితే పొగ కమ్మినట్టయితున్నది. 12×36 ఆల్బంల పెద్దగ పడే పేజీ ఇది.

పరకాల డిజిటల్: 3 ఎక్కువ తమ్మీ, 1.5 చాలు. తర్వాత `Add Noise` 2 శాతం కొట్టు, కలిసిపోతది. నేను అన్నిటికీ ఇదే చేస్త.

కరీంనగర్ ఆల్బం: నాయిస్ మాట నిజమే. బ్లర్ చేస్తే మొహం మీది గింజ పోతది, పక్క గోడ మీద గింజ ఉంటది, అందుకే తేడా కొడ్తది. కానీ ఇక్కడ ఫోకస్ తప్పలేదు, తల కదిలింది. ఫోకస్ తప్పితే చుక్క అన్ని దిక్కులా ఉబ్బుతది, తల కదిలితే ఒక్క దిక్కే సాగుతది. గాసియన్ ఎంత పెట్టినా ఆ సాగుడు రాదు. తమ్ముడూ, కింది లేయర్ల అవ్వ కమ్మ రాయి పెద్దగ చేసి చూడు, గీతలెక్క ఉన్నదా?

హనుమకొండ స్టూడియో: ఉన్నదక్కా. కొద్దిగ ఏటవాలుగ, 13 పిక్సెల్లు.

కరీంనగర్ ఆల్బం: కదలని ఫోటోల అదే రాయి ఎంత? మొహాన్ని ఈ ఫోటో సైజుకు తగ్గించినంక కొలువు.

హనుమకొండ స్టూడియో: 4.

కరీంనగర్ ఆల్బం: అయితే కదిలింది 9. `Ruler Tool` తోని గీత వెంబడి లాగితే కోణం పైన `A` దగ్గర చూపిస్తది. `Motion Blur` ల `Angle` కు అది, `Distance` కు 9 పెట్టు. సైజు తగ్గించినంకనే బ్లర్, బ్లర్ అయినంకనే నాయిస్. బ్లర్ చేసి సైజు మూడో వంతుకు తగ్గిస్తే 9 కాస్తా 3 అయితది. ఇంకొకటి, మొహాన్ని జుట్టు, మెడ దాకా వెడల్పుగ తీసుకొని బ్లర్ చెయ్, తర్వాతనే మాస్క్ కొట్టు. ముందే కోస్తే అంచు పలుచనై కింది మొహం తొంగి చూస్తది.

ములుగు బిడ్డ: మా బాపు పాత ఫోటో మసకగ ఉన్నది, దీంతోని స్పష్టంగ అయితదా?

కరీంనగర్ ఆల్బం: కాదు తమ్మీ, ఇది దానికి ఉల్టా పని. వేరే పోస్టు పెట్టు, చెప్త.

హనుమకొండ స్టూడియో: అక్కా, చేసిన. చాలా నయం. కానీ చెవి దగ్గర కలిసింది, ముక్కు దగ్గర ఇంకా గట్టిగనే ఉన్నది. పాత మొహంల ముక్కుపుల్ల గీత కొలిస్తే, దాని సైజు తీసేసినంక 14 వచ్చింది!

కాజీపేట పాత కెమెరా: ఎందుకంటే తల తిరిగింది. తల తిరిగితే ముక్కు అడ్డంగ ఎక్కువ జరుగుతది, చెవి ముందుకో ఎనుకకో పోతది, అడ్డంగ తక్కువ జరుగుతది. రెండు కాపీలు చేసి ఒకటి 9, ఒకటి 14 పెట్టి, చెవి కెల్లి ముక్కు దాకా మాస్క్ మెల్లగ మార్చు. ఇంకొకటి అడుగుత, ఫ్లాష్ కొట్టినవా? షటర్ ఎంత?

హనుమకొండ స్టూడియో: ఫ్లాష్ ఉన్నది, 1/30.

కాజీపేట పాత కెమెరా: అగో, అదీ సంగతి. ఫ్లాష్ వెలిగిన ఆ క్షణం మొహం గట్టిగ పడ్డది, మిగతా టైంల హాలు లైట్ల వెలుతురుకు తోక పడ్డది. ముక్కుపుల్ల గీతను మళ్ల చూడు, ఒక కొసకు గట్టి చుక్క, అక్కడికెల్లి పలుచటి తోక ఉంటది. అట్లుంటే ఉత్త మోషన్ బ్లర్ చాలదు. అడుగున స్పష్టమైన మొహం పెట్టు, పైన బ్లర్ చేసినది `Opacity` 40 శాతం దగ్గర మొదలువెట్టి, పక్కనున్న కమ్మతోని కలిసేదాకా సవరించు. ఫోటోషాప్ బ్లర్ రెండు దిక్కులా సమానంగ సాగుతది కదా, అసలు తోక ఒక్క దిక్కే ఉంటది. కాబట్టి బ్లర్ లేయర్లను తోక దిక్కు సగం జరుపు, 14 దానిని 7, 9 దానిని 4 లేదా 5.

పరకాల డిజిటల్: ఇంత ఎవలు చూస్తరన్నా?

కరీంనగర్ ఆల్బం: ఇంటోళ్లు చూస్తరు. వాళ్లకు పేరు తెల్వది గని "అవ్వ వేరేగున్నది" అంటరు.

హనుమకొండ స్టూడియో: చుక్క ఉన్నదన్నా, ఎడమ కొసకు! 7 జరిపిన, లేయర్ 45 శాతం. ఇప్పుడు చీర అంచు, కమ్మ, మొహం ఒక్క తీరుగ కదిలినట్టున్నయ్. కానీ కండ్లల్ల మెరుపు తేడా. తలంబ్రాల ఫోటోల అందరి కండ్లల్ల ఫ్లాష్ చిన్న చుక్క ఉన్నది, అవ్వ కండ్లల్ల కిటికీ వెలుతురు పెద్దగ ఉన్నది. తీసేసి చుక్క పెట్టాల్నా?

కాజీపేట పాత కెమెరా: నేనైతే పెడ్త, కానీ దానికి తోక గీయను. ఫ్లాష్ ఒక్క క్షణమే వెలుగుతది, అందుకే దాని చుక్కకు తోక పడదు.

కరీంనగర్ ఆల్బం: నేనైతే ముట్టుకోను. కండ్లు మారిస్తే అవ్వ చూపే మారిపోతది. ముందు 12×36 సైజుల ఒక ముక్క ప్రింట్ తీసి చూడు.