షష్ఠాష్టకం: ఆరూ ఎనిమిదీ కలిస్తే పేచీ ఎందుకు?

గోదారిగట్టు: ఏ ఇద్దరికీ పొసగకపోయినా మా అమ్మమ్మ "వాళ్ళకి షష్ఠాష్టకం" అనేది. మా పిల్లికీ పక్కింటి కుక్కకీ కూడా అదే మాట. మొన్న చెల్లి సంబంధం విషయంలో పంతులుగారి నోట అదే విన్నాం. చెల్లిది మృగశిర రెండో పాదం, అబ్బాయిది స్వాతి. ఈ ఆరూ ఎనిమిదీ ఎక్కణ్ణుంచి వచ్చాయి? రాసేటప్పుడు ‘ట’ వత్తా, ‘ఠ’ వత్తా?

డల్లాస్ బాబాయ్: షష్టి అంటే అరవై, షష్టిపూర్తిలో ఉన్నదే. అష్టకమంటే ఎనిమిది శ్లోకాలు. రెండూ కలిపితే గొడవ ఎలా అయిందో మరి! నాది సింహరాశి, మా ఆవిడది మకరం. పేపర్లో రాశిఫలాలు చూస్తే మాకు ఎప్పుడూ పడదనే ఉంటుంది.

పంచాంగం పిచ్చోడు: బాబాయ్ గారూ, సగం సరిగ్గానే చెప్పారు. ‘ట’ వత్తితో షష్టి అరవై, ‘ఠ’ వత్తితో షష్ఠి ఆరోది. సుబ్రహ్మణ్య షష్ఠిలో ఉన్నది ఈ రెండోదే. కాబట్టి షష్ఠాష్టకంలో ముందు ‘ఠ’, తర్వాత ‘ట’. పంచాంగాల్లోనూ శుభలేఖల్లోనూ రెంటినీ ఎడాపెడా మార్చేస్తారు, అది వేరే బాధ.

లెక్కకొస్తే, పుట్టినప్పుడు చంద్రుడు ఉన్న రాశిని ఒకటిగా పట్టి ఎదుటివాళ్ళ రాశి దాకా లెక్కపెట్టాలి. చెల్లిగారిది వృషభం. మిథునం రెండు, కర్కాటకం మూడు, సింహం నాలుగు, కన్య ఐదు, తుల ఆరు. అబ్బాయి తుల నుంచి వృషభానికి రండి, ఎనిమిది వస్తుంది. ఒకరికి ఆరోది, ఇంకొకరికి ఎనిమిదోది. జాతకంలో ఆరోది శత్రు రోగ రుణ స్థానం, ఎనిమిదోది ఆయుస్సుకీ అవరోధాలకీ. అమ్మమ్మగారి తిట్టు అందులోంచి పుట్టిందే.

డల్లాస్ బాబాయ్: మరి నా సింహం?

పంచాంగం పిచ్చోడు: పేపర్లో పుట్టినరోజు ప్రకారం ఇచ్చేది సూర్యుడి రాశి. పెళ్ళి పొంతన చూసేది చంద్రుడి రాశితో. మీ ఇద్దరి నక్షత్రాలూ తెలీకుండా ఏమీ చెప్పలేం.

గోదారిగట్టు: చంద్రుడే ఎందుకు? చంద్రుడే మనసు అంటారు, అదేనా?

పంచాంగం పిచ్చోడు: పురుషసూక్తంలో "చంద్రమా మనసో జాతః" అని ఉంది. చాలామంది తిరగేసి చెబుతారు గానీ అక్కడ మనసు నుంచి చంద్రుడు పుట్టాడు. ఇద్దరి మనసులు కలుస్తాయా అన్న ప్రశ్నకి చంద్రుడి రాశీ నక్షత్రమూ ఆధారమయింది ఆ దారినే అంటారు.

ఇక మీ చెల్లి సంగతి. ఉత్తరాది 36 గుణాల పద్ధతిలో రాశి కూటానికి 7, షష్ఠాష్టకానికి సున్నా. కానీ వృషభానికీ తులకీ అధిపతి ఒక్కడే, శుక్రుడు. అందుకే దీన్ని మిత్ర షష్ఠాష్టకం అంటారు, దోషంగా పట్టించుకోరు. మృగశిరా స్వాతీ రెండూ దేవగణమే, నాడి వేరు, పొంతనకి రెండూ మంచివే. అసలు భయపెట్టేది శత్రు షష్ఠాష్టకం, ఉదాహరణకి సూర్యుడి సింహానికీ శని మకరానికీ మధ్య ఉన్నది.

నల్లగొండ టీచర్: నాదొక మాట. ఒక రాశి తీసుకుంటే దానికి ఆరోది ఒకటి, ఎనిమిదోది ఒకటి, పన్నెండిట్ల రెండు. అంటే రాశులు సమానంగ పంచుకున్నయనుకుంటే, చూడకుండ చేసుకున్న ఆరు జంటల్ల ఒకటి షష్ఠాష్టకమే. వాళ్ళందరు కొట్టుకుంటున్నరా? మా ఊర్ల నేనైతే చూడలే.

డల్లాస్ బాబాయ్: మా ఇంట్లో చూడండి టీచరు గారూ!

పంచాంగం పిచ్చోడు: టీచరు గారి లెక్క సరైనదే, నా దగ్గర దానికి జవాబు లేదు. శాస్త్రం ఏమంటుందో చెప్పగలను గానీ అది నిజమవుతుందని రుజువు చూపలేను. ఇంకో సంగతి, గట్టు గారూ. మృగశిర మొదటి రెండు పాదాలు వృషభం, తర్వాతి రెండూ మిథునం. ఒక్కో పాదం దాదాపు ఆరు గంటలు. చెల్లి రెండో పాదం చివర్లో పుట్టి ఉంటే, సమయం కొంచెం అటైనా మిథునమవుతుంది. అప్పుడు తులతో షష్ఠాష్టకం కాదు, నవపంచమం, అంటే ఒకరికి ఐదోది, ఇంకొకరికి తొమ్మిదోది. అదీ సున్నాయే అనేవాళ్ళున్నారు, మంచిదే అనేవాళ్ళూ ఉన్నారు. మా ఇంట్లోనే నాన్నగారికీ నాకూ పడదు.

నల్లగొండ టీచర్: మీ ఇద్దరికి గూడ షష్ఠాష్టకమేమో.

గోదారిగట్టు: పుట్టిన సమయం రాత్రి పదకొండని అమ్మ అంటోంది. నాన్న అర్ధరాత్రి దాటాకే అంటున్నారు. ఆసుపత్రి చీటీ కోసం పాత ట్రంకుపెట్టె దింపాం.