అప్‌డేట్: అమ్మమ్మకు డిశ్చార్జ్ సమ్మరీ అర్థమయ్యేలా రాసిన ఉత్తరం

నా ప్రశ్న: "గుండె జబ్బుతో ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చిన అమ్మమ్మకు డిశ్చార్జ్ సమ్మరీ తెలుగులోకి మార్పించి పంపాను. చదివి ఇంకా భయపడుతోంది. డాలస్ నుంచి ఎలా నచ్చజెప్పాలి?"

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. "రోజూ ఏం చేయాలో అది మాత్రమే ఉత్తరంలా రాయి, ముందు డాక్టర్‌కు వినిపించు" అన్న సలహా పనిచేసింది. అలా ఫోన్లో మాట్లాడుతున్నప్పుడే అసలు సంగతి బయటపడింది. రాత్రిళ్లు బాత్రూంకి లేవలేక అమ్మమ్మ ఒంట్లో చేరిన నీరు తీసే రెండో బిళ్ల మానేస్తోంది. కాళ్ల వాపు తగ్గకపోవడానికి అదే కారణమన్నారు డాక్టర్‌గారు, టైం మార్చారు. ఉత్తరంలో ముఖ్యమైన ముక్క ఇది:

"అమ్మమ్మా, నీ గుండె ఆగిపోతుందేమోనని బెంగపడకు. రక్తాన్ని తోసే బలం తగ్గింది, అందుకే కాళ్లలో, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఫ్యూరోసెమైడ్ బిళ్ల ఆ నీటిని మూత్రంలో పంపేస్తుంది. రెండోది ఇకనుంచి మధ్యాహ్నం 2 గంటలకు వేసుకో, నిద్ర చెడదు. పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక, కాఫీకి ముందు బరువు చూసి క్యాలెండర్ మీద రాయి. 3 రోజుల్లో 2 కిలోలు పెరిగినా, పడుకుంటే ఆయాసం వచ్చినా వెంటనే మామయ్యకు చెప్పు. ఆవకాయ మాత్రం వద్దు, ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది."

నేను తంటాలు పడిన ఎకో రిపోర్టు అంకెలు ఆమెకు అవసరమే పడలేదు. ఇప్పుడు వాపు తగ్గింది, బరువు నిలకడగా ఉంది. మందు టైం మాత్రం మీ డాక్టర్‌ను అడిగే మార్చండి.