ఒకే ఆంజనేయస్వామి షార్ట్, రెండు టైటిళ్లు: గెలిచింది ఏది?

భక్తిధార: 38 సెకన్ల యూట్యూబ్ షార్ట్. మంగళవారం పొద్దున ‘ఈ స్వామిని చూసి దాటేస్తే ఏమవుతుందో తెలుసా’ అని పెడితే 4,100 వ్యూస్. అదే వీడియో గురువారం సాయంత్రం ‘ఆంజనేయుడికి సిందూర పూజ, తమలపాకుల దండ’ అని, థంబ్‌నెయిల్ ఫ్రేమ్ కూడా మార్చి పెడితే 1,300. మొదటి టైటిలే గెలిచినట్టేగా?

గోదారి_కుర్రాడు: గెలిచినట్టే. మూడింతలు తేడా అండీ, ఇంకేం కావాలి?

ఎడిటర్_మావయ్య: తొందరపడకండి. మంగళవారం ఆంజనేయుడి రోజు, పైగా పొద్దున పూట. మీరు టైటిల్‌తో పాటు వారం, వేళ, ఫ్రేమ్ కూడా మార్చేశారు. యూట్యూబ్ స్టూడియోలో ఎంతమంది ఆగి చూశారు, ఎంతమంది దాటేశారు అనే శాతం చెప్పండి.

భక్తిధార: ఆగి చూసినవాళ్లు మొదటిదానికి 64 శాతం, రెండోదానికి 66. సెర్చ్ నుంచి 30, 120.

ఎడిటర్_మావయ్య: అంటే ఆగేవాళ్లు దాదాపు సమానమే, మొదటిది ఎక్కువమంది ముందుకు వెళ్లిందంతే. షార్ట్స్ ఫీడ్‌లో థంబ్‌నెయిల్ కనిపించదు, టైటిల్ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ జనాన్ని ఆపేది పూజారి గారు సిందూరం అద్దే ఆ మొదటి రెండు సెకన్లు. టైటిల్ పనిచేసేది సెర్చ్‌లో, అక్కడ మీ రెండోదే ముందుంది. 120 మందిని చూసి అదీ ఖాయం అనలేం.

లక్ష్మీ_వంటిల్లు: నా వంట వీడియోలకు థంబ్‌నెయిల్ మారిస్తే బాగా పెరిగాయే?

ఎడిటర్_మావయ్య: అవి పెద్ద వీడియోలు అమ్మా. వాటికి యూట్యూబే ఒకే సమయంలో మూడు థంబ్‌నెయిళ్ల వరకు పంచి, వాచ్ టైమ్ చూసి తేలుస్తుంది.

గోదారి_కుర్రాడు: మీ లెక్కలన్నీ సరే, వ్యూస్ వచ్చాయా లేదా? నా ఛానల్‌కి ఏడాదిగా ఎవరూ రాలేదు, భయపెట్టే టైటిల్ పెట్టాకే వచ్చారు!

ఎడిటర్_మావయ్య: 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైతే చాలు, వ్యూ కింద లెక్క. దాటేయకుండా ఆగి చూసినవి ఎంగేజ్డ్ వ్యూస్, వాటిని విడిగా చూడండి.

సీత_విజయవాడ: మీరిద్దరూ అంకెల దగ్గరే ఆగిపోయారు. మా అమ్మకి షుగర్. ‘దాటేస్తే అరిష్టం’ అన్న వీడియో చూసి రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోలేదు, పొద్దున్నే పదకొండు మందికి పంపింది. ఆ వ్యూస్ కూడా గెలుపులో వేస్తారా?

గోదారి_కుర్రాడు: నేను ఎవర్నీ మోసం చేయట్లేదు. పూజ చూస్తారనే పెడుతున్నా.

సీత_విజయవాడ: పూజ చూపిస్తున్నప్పుడు టైటిల్లో పూజ అనే రాయొచ్చుగా! మనం పోట్లాడేది టెస్ట్ గురించి కాదు, స్వామి పేరుతో భయపెట్టొచ్చా అని.

ఎడిటర్_మావయ్య: అది టెస్ట్ తేల్చే ప్రశ్న కాదు, నేనూ ఒప్పుకుంటా. భక్తిధార గారూ, ముందు ఒకే టైటిల్‌తో, ఒకే వేళకి వరసగా రెండు మంగళవారాలు పెట్టండి. ఏమీ మార్చకుండానే ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది. టైటిల్ తెచ్చే తేడా అంతకు మించకపోతే దాన్ని గెలుపు అనకండి. చూసిందే మళ్లీ వస్తే మీ సబ్‌స్క్రైబర్లు దాటేస్తారు, ఆ లోటు ఉంటుంది.

భక్తిధార: రెండు వారాలూ సిందూర పూజ టైటిలే పెడతాను. సీత గారూ, మొదటిది ఇప్పుడే ప్రైవేట్‌లో పెట్టాను.

గోదారి_కుర్రాడు: నేను తీయను. ముందు ఆ రెండు వారాల అంకెలు ఇక్కడ పెట్టండి.