ఒక్క రూపాయికి పిన్ కొడితే 499కి ఒప్పుకున్నట్టేనా?

కోనసీమ_కుర్రాడు: సీరియళ్ళ యాప్ ఒకటి ‘వారం రోజులు ఒక్క రూపాయికే’ అంటే మా అమ్మ యూపీఐ పిన్ కొట్టింది. 3వ తేదీన రూపాయి పోయింది. 10న 499 పోయింది, ఈసారి పిన్ అడగనే లేదు. పిన్ లేకుండా బ్యాంకు డబ్బు ఎలా ఇచ్చేస్తుంది?

ఉల్లిదోశ: యాప్ డిలీట్ చేసెయ్యి బ్రో, మళ్ళీ కట్ అవదు.

కౌంటర్_4: డిలీట్ చేస్తే కట్ అవడం ఆగదు. అనుమతి ఉన్నది ఆ యాప్‌లో కాదు, మీ బ్యాంకు దగ్గర. 3వ తేదీన అమ్మగారు రూపాయి ఒక్కటే కట్టలేదు, ఆటోపే మాండేట్, అంటే గడువు వచ్చినప్పుడల్లా దానంతటదే కట్ చేసుకోమనే అనుమతి కూడా ఇచ్చారు. యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉన్న చోట తెరిచి చూడండి. ఆ కంపెనీ పేరు, `Up to ₹499`, `Monthly`, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నది అన్నీ కనిపిస్తాయి. 3న కొట్టిన పిన్ ఆ మొత్తానికీ పడిన సంతకం. ఆ పరిమితి దాటి ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా బ్యాంకు తిప్పికొడుతుంది, లోపల అడిగితే పిన్ లేకుండానే ఇస్తుంది. ఇలాంటి సబ్‌స్క్రిప్షన్లకు 15,000 దాకా ఇదే పద్ధతి. అది దాటితే ప్రతిసారీ పిన్ కావాలి.

రూల్స్_రామం: కౌంటర్_4 గారు సగమే చెప్పారు. ఇలాంటి మాండేట్ల మీద రిజర్వు బ్యాంకు 2019 ఆగస్టులో కార్డులకు సర్క్యులర్ ఇచ్చింది, దాన్నే 2020 జనవరిలో యూపీఐకి కూడా వర్తింపజేశారు. అందులో ఏముంది? మాండేట్ నమోదు చేసినప్పుడు పిన్ లాంటి అదనపు ధ్రువీకరణ ఉండాలి, మొదటి చెల్లింపుకీ ఉండాలి. అసలు చందా 499. దాని మొదటి చెల్లింపు 10న. ఆ రోజు పిన్ అడగలేదు కాబట్టి రూల్ తప్పారు. మూడు పనిదినాల్లో బ్యాంకుకి రాసివ్వండి, బ్యాంకు మీ బాధ్యత సున్నా చేసి డబ్బు వెనక్కి వేయాల్సిందే.

కౌంటర్_4: రామం గారూ, ఆ వాక్యం పక్క వాక్యం కూడా చదవండి. నమోదుతోపాటే మొదటి చెల్లింపు జరిగితే రెండింటికీ ఒకే ధ్రువీకరణ సరిపోతుందని ఉంది. ఆ రూపాయి వసూలు చేసేది అందుకే. వాళ్ళకి రూపాయి ఆదాయం అక్కర్లేదు, ‘మొదటి చెల్లింపు అయిపోయింది’ అన్న ముద్ర కావాలి. ఆ తర్వాత వచ్చే 499 లెక్కల్లో రెండోది. ఇక మూడు పనిదినాల మాట, ఖాతాదారు ప్రమేయం లేకుండా మూడో మనిషి కొట్టేసిన డబ్బు గురించి. ఇక్కడ పిన్ కొట్టింది అమ్మగారే.

పద్మక్క_హనుమకొండ: నాకూ ఇదే టెన్షన్. బండి లోన్ ఈఎంఐ 5న కట్ కావాలి, జీతం 7న పడింది. బౌన్స్ అని బ్యాంకు ఒకటి, లోన్ ఇచ్చినవాళ్ళు ఒకటి, రెండు పెనాల్టీలు వేశారు. పిన్ ఎవడడిగాడు?

కౌంటర్_4: అక్కా, మీది ఈఎంఐలు ఖాతా నుంచి నేరుగా కట్ చేసే నాచ్ మాండేట్ అయ్యుంటుంది, దారి వేరు. వేరే టాపిక్ పెట్టండి, తప్పకుండా చెబుతా.

డల్లాస్_బావ: ఇక్కడ కార్డు నంబర్ ఒకసారి ఇస్తే చాలు, ఓటీపీ కూడా ఉండదు. మీరు అదృష్టవంతులు 😀

రూల్స్_రామం: అదృష్టం సంగతి తర్వాత. రూపాయిని ‘మొదటి చెల్లింపు’ అనడం రూల్ పాటించడం కాదు, రూల్ పక్కనుంచి దూరిపోవడం. సరే, ఇంకోటి అడుగుతా. కట్ చేయడానికి కనీసం 24 గంటల ముందు చెప్పాలి కదా? కంపెనీ పేరు, మొత్తం, తేదీ, ఎందుకు కట్ అవుతోందో అన్నీ రాసి. 9న మెసేజ్ వచ్చిందా కుర్రాడూ?

కోనసీమ_కుర్రాడు: ఎస్ఎంఎస్ ఏదీ లేదు. రెండుసార్లు వెతికా.

రూల్స్_రామం: చూశారా! కేసు తేలిపోయింది.

కౌంటర్_4: తేలలేదు. ఎస్ఎంఎస్సే రావాలని లేదు. ఈమెయిల్‌కి వెళ్ళొచ్చు, చాలాసార్లు యూపీఐ యాప్ లోపలి నోటిఫికేషన్‌గా వస్తుంది. అమ్మగారి ఫోన్‌లో దాని నోటిఫికేషన్లు ఆఫ్‌లో ఉన్నాయేమో చూడండి.

కోనసీమ_కుర్రాడు: ఆఫ్‌లో ఉన్నాయి. క్యాష్‌బ్యాక్, గీకే కార్డు అని రోజంతా మోగుతుంటే నేనే ఆపేశా. లోపలికి వెళ్ళి చూస్తే ఆఫర్ల మధ్య 9వ తేదీది ఒకటుంది, ‘10న 499 కట్ అవుతుంది’ అని. ఇంగ్లీషులో.

కౌంటర్_4: అంటే బ్యాంకు వైపు పద్ధతి ప్రకారమే జరిగింది. ఆ నోటీసు వచ్చిన రోజే మాండేట్ రద్దు చేసుంటే 10న పైసా పోయేది కాదు. పిన్ కొట్టే ముందు స్క్రీన్ చదవాలండీ. రోజూ మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది చదవకుండా పిన్ కొట్టేసి, తర్వాత మా మీద అరుస్తారు.

కోనసీమ_కుర్రాడు: మా అమ్మకి ఇంగ్లీషు రాదు సార్. ఆ స్క్రీన్ ఇప్పుడు నా ఫోన్‌లో తెరిచి చూశా. ‘₹1’ అరచేయంత ఉంది. కింద బూడిదరంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఆ తర్వాత నెలకు 499’. నేనే కళ్ళు చిట్లించి చదివా. మీరు కౌంటర్‌లో కూర్చుని మా అమ్మని తప్పు పట్టకండి.

కౌంటర్_4: నేను అమ్మగారిని అనలేదు.

రూల్స్_రామం: అన్నారు. ‘పిన్ కొట్టింది అమ్మగారే’ అని పైన అలాగే ఉంది. మీ బ్యాంకువాళ్ళకి పిన్ పడితే అయిపోయింది, పిన్ వెనక మనిషికి ఏం అర్థమైందో అనవసరం.

కౌంటర్_4: రామం గారూ, బ్యాంకు సర్వర్‌కి కనిపించేది పిన్ సరైనదా, మొత్తం పరిమితిలో ఉందా, తేదీ గడువులో ఉందా, ఇవే. ఎవరికి ఏం అర్థమైందో అది ఎలా చూస్తుంది? ప్రతి నెలా పిన్ అడిగితే మీరే ‘కరెంటు బిల్లు ఆగిపోయింది, ఓటీటీ ఆగిపోయింది’ అని మొత్తుకుంటారు.

రూల్స్_రామం: ప్రతి నెలా అడగమనలేదు. రూపాయి నుంచి 499కి దూకే ఆ ఒక్కసారి అడగమంటున్నా. మొత్తం మారినప్పుడు ఒప్పుకోలు కొత్తది కావాలి. నా వాదన మొదటినుంచీ ఇదే.

కౌంటర్_4: మొదటినుంచీ ‘రూల్ తప్పారు’ అన్నారు. ఇప్పుడు ‘రూల్ మారాలి’ అంటున్నారు. రెండోదైతే నాకూ అభ్యంతరం లేదు.

ఉల్లిదోశ: హమ్మయ్య, పెళ్ళి కుదిరింది.

రూల్స్_రామం: కుదరలేదు. ఆ స్క్రీన్ తీరే నేరం. వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్‌ల మీద, అంటే మనల్ని తప్పుదారి పట్టించే స్క్రీన్ తీరుల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు అందులో ఒకటి. కుర్రాడూ, ఆ స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకో, రేపు మార్చేస్తారు.

కౌంటర్_4: ఆ దారి సరైనదే, కానీ ఫిర్యాదు యాప్ కంపెనీ మీద వేయండి, బ్యాంకు మీద కాదు. ముందు వాళ్ళ కస్టమర్ కేర్‌కి రాసి రిఫండ్ అడగండి. వారం పదిరోజుల్లో తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. దానికంటే ముందు ఈరోజే మాండేట్ రద్దు చేయండి, దానికి కూడా పిన్ అడుగుతుంది, భయపడకండి. యాప్ లోపల చందా విడిగా క్యాన్సిల్ చేయండి. మాండేట్ తీస్తే డబ్బు పోదు, కానీ వాళ్ళ లెక్కల్లో మీరు చందాదారుగానే ఉండిపోవచ్చు.

కోనసీమ_కుర్రాడు: రద్దు చేశా. కింద ఇంకో కంపెనీది `Paused` అని ఉంది. అది ఆగిపోయినట్టే కదా, వదిలెయ్యొచ్చా?

కౌంటర్_4: వదలకండి. పాజ్‌కి ఎప్పటిదాకా అన్న తేదీ ఉంటుంది, అది దాటగానే మళ్ళీ మొదలవుతుంది. తీసెయ్యండి.

రూల్స్_రామం: దాన్ని తీసేముందు ఎంత పరిమితికి ఇచ్చారో చూసి ఇక్కడ పెట్టు కుర్రాడూ.