డ్రోన్ షాట్ ముందు వేస్తే సీక్వెన్స్ 29.97 అయిపోయింది: 25కి మార్చాలా, ఉంచాలా?

ఖమ్మం కుర్రాడు
మా మేనమామ కూతురి పెళ్ళి వీడియో కట్ చేస్తున్నాను. మెయిన్ కెమెరా 4కె, 50 ఫ్రేములు. రెండో కెమెరా 1080, 25 ఫ్రేములు. డ్రోన్ 4కె, 29.97. ఇవి కాక చుట్టాల ఫోన్ క్లిప్పులు. ప్రీమియర్‌లో ఖాళీ సీక్వెన్స్‌లో ముందు డ్రోన్ షాట్ వేశాను, ఏదో అడిగితే Change sequence settings నొక్కేశాను. ఇప్పటికి 40 నిమిషాలు కట్ అయింది. ఊరేగింపులో కెమెరా పక్కకి తిప్పిన షాట్లన్నీ సన్నగా ఎగురుతున్నాయి. 25కి మార్చమని ఒకరు, 30 ఉంచమని ఒకరు అంటున్నారు. ఆదివారం ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

పెళ్ళిపందిరి
మార్చకు తమ్ముడూ. ఈ రోజుల్లో పెళ్ళి వీడియో చూసేది ఫోన్‌లో, యూట్యూబ్‌లో. చాలా ఫోన్ల స్క్రీన్ సెకనుకు 60 సార్లు మారుతుంది. 60లో 30 సరిగ్గా రెండుసార్లు పడుతుంది, 25 పడదు. నేను ఐదేళ్ళుగా అన్నీ 30లోనే ఇస్తున్నా, ఒక్కరూ ఏమీ అనలేదు.

సాయి_విజయనగరం
ఇది సెట్టింగ్ సమస్య కాదు బ్రో, సిస్టమ్ లాగడం లేదు. 4కె 50 అంటే మాటలా. నాకూ ఇలాగే అయింది. ర్యామ్ 16 నుంచి 32 చేశాక, ప్రాక్సీలు పెట్టాక హాయిగా ఆడింది.

టైమ్‌లైన్ మామయ్య
సాయి చెప్పిందా కాదా అన్నది ముందు తేల్చుకుందాం, దానికి డబ్బు ఖర్చు అక్కర్లేదు. బాబూ, రెండో కెమెరా షాట్లలో పక్కకి తిప్పినది ఒకటి తీసుకో. ప్లే చెయ్యకు. కుడి బాణం కీ ఒక్కొక్కసారి నొక్కుతూ లెక్కపెట్టు. ఐదుసార్లు బొమ్మ కదిలి ఆరోసారి కదలకుండా నిలబడిపోతే, అది సిస్టమ్ తప్పు కాదు. సెకనుకు 25 బొమ్మలున్న క్లిప్‌ని దాదాపు 30 గడుల్లో సర్దాలంటే ఐదు బొమ్మలు రెండేసిసార్లు కనిపించక తప్పదు. ఎంత పెద్ద కంప్యూటర్ తెచ్చినా ఆ ఆరో గడి అలాగే ఉంటుంది, ఎక్స్‌పోర్ట్‌లోనూ ఉంటుంది.

మెయిన్ కెమెరాలో తేడా ఇంకోలా కనిపిస్తుంది. అక్కడ బొమ్మ ఆగదు కానీ అడుగులు సమంగా పడవు: ఒక చిన్న అడుగు, రెండు పెద్ద అడుగులు, మళ్ళీ చిన్నది. 50లోంచి 30 ఏరుకుంటే ఒకసారి పక్క ఫ్రేము, రెండుసార్లు ఒకటి వదిలి ఆ పై ఫ్రేము వస్తాయి. కుంటి నడకలా ఉంటుంది. అదే సీక్వెన్స్ 25 అయితే ప్రతిసారీ ఒకటి వదిలి ఒకటి, నడక సమం.

ఖమ్మం కుర్రాడు
చూశాను మామయ్యగారూ. రెండో కెమెరాలో సరిగ్గా ఆరోసారి ఆగింది. నాలుగు షాట్లలో చూశా, నాలుగింట్లోనూ అంతే.

పెళ్ళిపందిరి
సరే, అది ఒప్పుకుంటా. కానీ 25 చేసినా ఫోన్ స్క్రీన్ మీద 60లోకి వెళ్ళేటప్పుడు అదే గొడవ కదా? ఇక్కడ తప్పిస్తే అక్కడ వస్తుంది.

టైమ్‌లైన్ మామయ్య
మంచి ప్రశ్న. గొడవ వస్తుంది, కానీ అదే గొడవ కాదు. 60 స్క్రీన్ మీద ఐదు ఫ్రేములకు 12 గడులు దొరుకుతాయి. 25లో ఇచ్చిన వీడియో వాటిని 3, 2, 3, 2, 2 గా పంచుకుంటుంది. 25 షాట్‌ని 30 సీక్వెన్స్‌లో పెట్టి ఇస్తే 2, 2, 2, 2, 4 అవుతుంది. ఒక బొమ్మ మిగతావాటికి రెట్టింపు సేపు నిలుస్తుంది, సెకనుకు ఐదుసార్లు. మీ కుర్రాడికి కనిపిస్తున్న ఎగురు అదే. పైగా స్క్రీన్ దగ్గర వచ్చే తేడా ఆ స్క్రీన్‌కే పరిమితం. 50 ఆడే టీవీలో చూస్తే అదీ ఉండదు. సీక్వెన్స్‌లో వచ్చింది ఫైల్‌లోనే ముద్రపడిపోతుంది.

మీరు 30లోనే షూట్ చేసి 30లోనే కట్ చేస్తే మీ పద్ధతిలో తప్పేమీ లేదు. ఇక్కడ మెటీరియల్ అది కాదు.

న్యూజెర్సీ శ్రీ
నమస్తే అండీ. ఇక్కడ మన పెళ్ళిళ్ళు నేను 23.976లో తీస్తాను, సినిమా లుక్ కోసం. తమ్ముడు కూడా సీక్వెన్స్ 23.976 పెట్టేస్తే గోల వదిలిపోతుంది కదా? అసలు ఇండియాలో అందరూ 25 ఎందుకు పట్టుకుని వేలాడతారో నాకు అర్థం కాదు.

లైట్‌బాయ్_రాజమండ్రి
కరెంటు వల్ల సార్. మన దగ్గర 50 హెర్ట్జ్, లైటు సెకనుకు 100 సార్లు ఎక్కి దిగుతుంది. మండపంలో 30లో తీస్తే ఫ్లిక్కర్ తప్పదు. మీ దగ్గర 60 కాబట్టి మీకు చెల్లింది.

టైమ్‌లైన్ మామయ్య
కారణం నువ్వు చెప్పిందే, కానీ 30 అయితే ఫ్లిక్కర్ తప్పదన్నది సరికాదు. చూడాల్సింది షట్టర్. 30లో తీస్తూ షట్టర్ 1/60 పెడితే ప్రతి ఫ్రేములో లైటు ఒక్కోలా పడి మినుకుమంటుంది. 1/50 గానీ 1/100 గానీ పెడితే ప్రతి ఫ్రేముకూ సమానంగా పడుతుంది. మన ఊళ్ళో 25, 50 వాడుకలో ఉండడానికి కారణం, వాటికి 1/50, 1/100 సహజంగా సరిపోవడమే. అలంకరణ ఎల్ఈడీల దారి వేరు, వాటిని అక్కడికక్కడ చూసుకోవాలి.

శ్రీగారూ, మీరు తీసిందే 23.976 కాబట్టి మీకు అదే సరైన సీక్వెన్స్. ఈ అబ్బాయి దగ్గర ఆ రేటులో ఒక్క క్లిప్పూ లేదు. పెడితే అన్నీ చెడతాయి.

ఇక చెయ్యాల్సింది చెబుతా. 25లో, 1920x1080లో కొత్త సీక్వెన్స్ చెయ్యి. పాతదాన్ని ఎత్తి అందులో పడేయకు. అలా వేస్తే లోపల 29.97 అలాగే ఉంటుంది, మెయిన్ కెమెరా షాట్ 50 నుంచి 29.97కి, దాన్నుంచి 25కి రెండుసార్లు నలుగుతుంది. పాత సీక్వెన్స్ తెరిచి క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి కాపీ కొట్టి, కొత్తదాంట్లో పేస్ట్ చెయ్యి. కట్‌లు కొత్త గడులకు సర్దుకునేటప్పుడు అక్కడక్కడా ఒక్క ఫ్రేము ఖాళీ మిగలవచ్చు. ఆడేటప్పుడు నల్లగా మెరిసి పోతుంది, కంటికి ఆనదు. కింది బాణం కీతో కట్ నుంచి కట్‌కి వెళ్తూ చూసుకో.

డ్రోన్ షాట్లకు శబ్దం ఉండదు కాబట్టి వాటికి సులువైన దారి ఉంది. ప్రాజెక్ట్ ప్యానెల్‌లో వాటి మీద రైట్ క్లిక్ చేసి Interpret Footage లో 25 ఇవ్వు. ఒక్క ఫ్రేమూ పోదు, ఒక్కటీ రెండుసార్లు రాదు, వేగం మాత్రం 83 శాతానికి దిగుతుంది. 12 సెకన్ల షాట్ 14 దాటుతుంది. గుడి గోపురం, పొలాలు అయితే ఇంకా బాగుంటుంది. జనం నడిచేవి ఉంటే కాస్త బరువుగా కనిపిస్తాయి, అవి నీ కంటికి వదిలేస్తున్నా. ఇప్పటికే కట్ చేసిన డ్రోన్ షాట్లు జరిగి ఉండవచ్చు, మళ్ళీ చూసుకో.

రీల్స్ లావణ్య
1080 ఎందుకండీ? మెయిన్ కెమెరా 4కె కదా. 4కె తీసి 1080లో ఇవ్వడం నాకు మనసొప్పదు.

టైమ్‌లైన్ మామయ్య
రెండో కెమెరా 1080 అమ్మా. 4కె సీక్వెన్స్‌లో దాన్ని 200 శాతానికి లాగాలి. పక్కపక్క కట్‌లలో ఒకటి పదునుగా, ఒకటి మెత్తగా ఉంటే చూసేవాళ్ళకు తెలిసిపోతుంది. రెండో కెమెరా వాటా తక్కువైతే నీ మాటే నేనూ ఒప్పుకుంటా. పైగా సైజు తర్వాత మార్చుకోవచ్చు, ఫ్రేము రేటు అంత తేలిగ్గా మారదు. రిజాల్వ్ అయితే మీడియా లోపలికి వచ్చాక ప్రాజెక్ట్ రేటుకు తాళమే వేసేస్తుంది.

1080లో ఒక జాగ్రత్త ఉంది. 4కె షాట్ పేస్ట్ చెయ్యగానే మొహాలు మాత్రమే కనిపించేంత దగ్గరగా వస్తుంది. అప్పుడు Scale to Frame Size నొక్కకు, Set to Frame Size నొక్కు. పేర్లు వెర్షన్‌ని బట్టి కాస్త మారతాయి కానీ గుర్తు ఒకటే: నొక్కాక Scale అంకె 50 అవ్వాలి. 100 లోనే ఉంటే అది బొమ్మను ముందే 1080కి కుదించేసింది, తాళి దగ్గర జూమ్ చేస్తే మసక వస్తుంది. 50 అయితే 100 దాకా పదును పోదు.

ఖమ్మం కుర్రాడు
చేశాను. తొమ్మిది చోట్ల ఖాళీ దొరికింది. ఊరేగింపు షాట్లు నున్నగా వస్తున్నాయి, ధన్యవాదాలు మామయ్యగారూ. సంగీత్ ఫోన్ క్లిప్ మాత్రం తేలలేదు. పన్నెండు నిమిషాలది. మొదట్లో పాట పెదాలకు సరిగ్గానే ఉంది, చివరికి వచ్చేసరికి జారిపోయింది. మీడియాఇన్ఫోలో చూస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర Variable అని ఉంది.

లైట్‌బాయ్_రాజమండ్రి
అది నాకు బాగా తెలుసు. ఫోన్ వెలుతురును బట్టి ఒక్కో క్షణం ఒక్కో వేగంతో తీస్తుంది. దానికి సరిపోయే సీక్వెన్స్ అంటూ ఉండదు, ముందే స్థిరమైన రేటుకు మార్చుకోవాలి. ఇది వాడతాను:

```
ffmpeg -i phone.mp4 -vf fps=30 -c:v libx264 -crf 16 -c:a aac -ar 48000 phone_cfr.mp4
```

ఆ కొత్త ఫైల్‌ని 25లో వేస్తే సెకనుకు ఐదు ఫ్రేములు పోతాయి, అది పోక తప్పదు. చేతిలో పట్టుకుని తీసిన షాట్‌లో అంతగా కనిపించదు. శబ్దం మాత్రం జారదు.

రీల్స్ లావణ్య
నాదొక సందేహం. మెయిన్ కెమెరా 50 అయినప్పుడు సీక్వెన్సే 50 పెడితే? 25 క్లిప్ ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండుసార్లు వస్తుంది, ఎగురుండదు. 50లో తీసినప్పుడు షట్టర్ 1/100 ఉండి ఉంటుంది. సగం ఫ్రేములు తీసేస్తే కదలిక గరుగ్గా అనిపిస్తుంది నాకు.

టైమ్‌లైన్ మామయ్య
లెక్క సరైనదే, 1/100 గరుకు సంగతీ నిజమే. 25 సీక్వెన్స్ దాన్ని బాగు చెయ్యలేదు, 50 అయితే అది రాదు. కానీ నాకు 50లో పెళ్ళి చూస్తే టీవీ లైవ్ చూసినట్టు ఉంటుంది. రెండు కెమెరాల మధ్య కట్ పడ్డప్పుడల్లా ఒకటి జారుతున్నట్టు, ఇంకొకటి ఆగి ఆగి నడుస్తున్నట్టు తేడా తెలుస్తుంది. తలంబ్రాల షాట్లను 25కి దించి స్లో చేస్తాను, మిగతావి మామూలుగా ఉంచుతాను.

రీల్స్ లావణ్య
మా క్లయింట్లు ఆ లైవ్ లుక్కే అడుగుతున్నారండీ. ముఖ్యంగా పెద్దవాళ్ళు, ఎదురుగా జరుగుతున్నట్టే ఉందంటారు. నేను ఈ విషయంలో మీతో ఏకీభవించలేను.

పెళ్ళిపందిరి
నేను రేపటి పెళ్ళికి రెండు కెమెరాలూ 30లోనే, షట్టర్ 1/100లో పెట్టి చూస్తా. మండపం లైట్ల కింద ఎలా వచ్చిందో క్లిప్ ఇక్కడ పెడతాను, అప్పుడు మాట్లాడుకుందాం.